600 ఫ్లాట్ల తడి, పొడి చెత్తతో కంపోస్ట్ + రీసైక్లింగ్ వ్యాపారం: నా లెక్క చూసి చెప్పండి

బాచుపల్లి_కుర్రాడు

అందరికీ నమస్తే. నేను ఉండేది హైదరాబాద్‌లో బాచుపల్లి వైపు. మా రోడ్డులో ఆరు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, అన్నీ కలిపి 600 ఫ్లాట్లు. వీటి చెత్త తీసుకుని తడి చెత్తతో కంపోస్ట్ చేసి, పొడి చెత్త వేరు చేసి అమ్మే చిన్న యూనిట్ పెడదామని ఉంది. ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చోవాలని ఆలోచన, అందుకే లెక్క గట్టిగా ఉండాలి.

నా లెక్క ఇది. ఫ్లాట్‌కి రోజుకు కిలో తడి చెత్త, అంటే 600 కిలోలు. అందులో 30 శాతం కంపోస్ట్ వస్తుందనుకుంటే రోజుకు 180 కిలోలు, నెలకు 5,400 కిలోలు. కిలో ₹20 చొప్పున ₹1,08,000. పొడి చెత్త ఫ్లాట్‌కి 300 గ్రాములు, నెలకు మళ్లీ 5,400 కిలోలే, కిలో సగటున ₹12 వేసుకుంటే ₹64,800. మొదటి ఏడాది ఇళ్ల దగ్గర డబ్బులు తీసుకోను, జనం అలవాటు పడాలి కదా. ఖర్చు జీతాలు, అద్దె అన్నీ కలిపి నెలకు ₹90,000. మిగులు ₹82,800. పెట్టుబడి ₹6.5 లక్షలు (ఆరు కంపోస్ట్ తొట్లు, ష్రెడర్, పాత ఎలక్ట్రిక్ ఆటో, చిన్న షెడ్డు). 8 నెలల్లో పెట్టుబడి వచ్చేస్తుంది.

ఎక్కడైనా తేడా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

గుంటూరు_గోంగూర

తమ్ముడూ, మొదటి ఏడాది ఫ్రీ అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను నేను. ఒకసారి ఫ్రీగా తీసుకున్నాక రెండో ఏడాది ఎవడిస్తాడు? మా దగ్గర 2021లో క్లాప్ అనే చెత్త సేకరణ పథకం కింద ఇంటికి నెలనెలా చెత్త యూజర్ ఛార్జీ పెట్టారు, జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టేసి ఊరూరా గొడవ చేశారు, ఎన్నికల్లో అదో పెద్ద మాట అయింది, 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక తీసేశారు. చెత్త ఎత్తినందుకు డబ్బులివ్వాలనేది మనవాళ్లకు ఒక పట్టాన మింగుడు పడదు. నువ్వు ఇంటింటికీ తిరిగి వసూలు చేయాలంటే దానికే ఒక మనిషి కావాలి.

ఎరువు_మాస్టారు

నేను ఒక మున్సిపాలిటీ కంపోస్ట్ యార్డులో చాలా ఏళ్లు పనిచేశాను, తర్వాత రెండు గేటెడ్ కమ్యూనిటీలకు యూనిట్లు పెట్టించాను. నీ లెక్కలో కూడికలు సరిగ్గానే ఉన్నాయి బాబూ, మొదట వేసుకున్న అంకెలే కుదరవు. ఒక్కొక్కటి చెప్తాను, తొందరపడకుండా చదువు.

కిలో తడి చెత్త అనేది నలుగురైదుగురు ఉండి రెండు పూటలా వండుకునే ఇంట్లో వస్తుంది. మీ వైపు ఫ్లాట్లలో భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకెళ్లేవాళ్లు, సగం రోజులు బయట నుంచి తెప్పించుకునేవాళ్లు ఎక్కువ. వేరు చేయకుండా ఇచ్చేవాళ్లను, ఊరెళ్లినవాళ్లను తీసేస్తే ఫ్లాట్‌కి 600 గ్రాముల దగ్గర ఆగుతుంది. 600 ఫ్లాట్లకు రోజుకు 350 కిలోలు అనుకో.

ఇక 30 శాతం. వంటింటి చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే. అవి ఆవిరైపోగా, మిగిలిన దాంట్లో సూక్ష్మజీవులు తినేసింది పోగా, జల్లెడ పట్టాక చేతికొచ్చేది 15 నుంచి 20 శాతం. 18 అనుకుంటే రోజుకు 63 కిలోలు, నెలకు 1,900 కిలోలు. నువ్వు రాసుకున్న 5,400 ఎక్కడ, ఇదెక్కడ.

అన్నిటికంటే ముఖ్యం తొట్ల సంఖ్య. ఆరు తొట్లు అన్నావు. ఏ పద్ధతి అనుకున్నావో చెప్పు, మిగతాది తర్వాత రాస్తాను.

టెర్రస్_తోట

అన్నా, కంపోస్ట్ అమ్మితే నాకు కావాలి, 20 కిలోలు ఉంటే చెప్పండి, నేను మియాపూర్‌లోనే ఉంటాను. కానీ ఒక అనుమానం. పోయినసారి ఇలాగే ఒక అపార్ట్‌మెంట్‌లో చేసిన ఎరువు తెచ్చుకుని వంగ, టమాటా కుండీల్లో సగానికి సగం కలిపాను. వారంలో ఆకులు పచ్చబడ్డాయి, అదీ ఆకుపచ్చ కాదు, పసుపు. మొక్కలు కుంగిపోయాయి. ఎరువు నల్లగా బాగానే ఉంది చూడటానికి. ఏం స్ప్రే చేయాలి? వేపనూనె కొట్టాను, తగ్గలేదు.

ఎరువు_మాస్టారు

టెర్రస్_తోట గారూ, అది పురుగు కాదమ్మా, వేపనూనెకు లొంగదు. మీకిచ్చింది పచ్చి ఎరువు. సగం కుళ్లిన కంపోస్ట్ మట్టిలో కలిపితే మిగతా సగం కుండీలోనే కుళ్లడం మొదలుపెడుతుంది, ఆ పని చేసే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని తామే వాడేసుకుంటాయి, మొక్కకు దక్కదు. అందుకే పసుపు. ప్రస్తుతానికి కొంచెం వేపపిండి గానీ బాగా మాగిన పశువుల ఎరువు గానీ పైపైన వేసి నెలరోజులు ఓపిక పట్టండి, కొత్త ఆకులు సరిగ్గా వస్తాయి. ఇకముందు కుండీలో నాలుగో వంతుకు మించి కలపకండి.

బాచుపల్లి బాబూ, నీ వ్యాపారానికి కూడా ఇదే అసలు విషయం. రంగు చూసి మాగిందని అనుకోకూడదు. తడి ఎరువు గుప్పెడు తీసి ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా కట్టి మూడు రోజులు పక్కన పెట్టు, విప్పినప్పుడు వానపడ్డ మట్టి వాసన వస్తే సరే, పులిసిన వాసనో ఘాటో తగిలితే ఇంకా కాలేదు. రెండోది, అదే ఎరువులో ఇరవై మెంతి గింజలు, పక్కన మామూలు మట్టిలో ఇరవై గింజలు వెయ్యి. ఎరువులో మొలకలు చాలా తక్కువ వచ్చాయంటే ఆ తొట్టి ఇంకో మూడు వారాలు ఆగాలి. పచ్చి ఎరువు ఒక్క సంచి బయటికి పోయిందంటే ఆ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నీ పేరు పోయినట్టే.

బాచుపల్లి_కుర్రాడు

మాస్టారూ, పద్ధతి అంటే కేరళలో వాడే గాలి తొట్లు. వీడియోల్లో చూశాను. నాలుగడుగుల తొట్టి, ఇటుకల మధ్య సందులు వదిలి కడతారు. 25 రోజుల్లో ఎరువు వస్తుందని విన్నాను, అందుకే ఆరు.

మెషీన్_మస్తాన్

తొట్లు ఎందుకు బ్రో, 16 అడుగులు 20 అడుగులు స్థలం ఎందుకు వేస్ట్ చేస్తావు. ఇప్పుడు 24 గంటల కంపోస్ట్ మెషీన్లు వచ్చాయి. రాత్రి వేస్తే పొద్దున్నకి పొడి. మా కజిన్ వాళ్ల గేటెడ్‌లో పెట్టారు, వాసన లేదు, ఈగ లేదు, ఒక మనిషి చాలు. పెట్టుబడి ఎక్కువే కానీ స్థలం అద్దె మిగులుతుంది. బాచుపల్లిలో జాగా రేటు తెలుసు కదా.

ఎరువు_మాస్టారు

మస్తాన్ గారు స్థలం గురించి చెప్పింది నిజం, నగరంలో ఈ వ్యాపారాన్ని చంపేది జాగాయే. వాసన రాదనేదీ నిజమే, మెషీన్ నడుస్తున్నంతసేపు. కానీ ఆ 24 గంటల్లో జరిగేది వేడి పెట్టి ఎండబెట్టి తిప్పడం. బయటికొచ్చేది ఎండిన అన్నం కూరల పొడి, కంపోస్ట్ కాదు. దాని మీద కాసిని నీళ్లు చల్లి రెండు రోజులు ఉంచండి, మళ్లీ కుళ్లు వాసన మొదలవుతుంది. దాన్ని మళ్లీ ఆరేడు వారాలు ఎక్కడో మాగబెట్టాలి, అంటే స్థలం కొంత తగ్గినా పూర్తిగా తప్పదు. ముప్పాతిక వంతు నీళ్లున్న చెత్తను కరెంటుతో ఆరబెట్టడం అంటే నెల బిల్లు వచ్చాక అర్థమవుతుంది. గేటెడ్ కమ్యూనిటీ మెయింటెనెన్స్‌లో పంచుకుంటుంది కాబట్టి అక్కడ నడుస్తుంది, దాని మీద లాభం తీయాల్సిన కుర్రాడికి నడవదు.

ఇక గాలి తొట్టి. అది తుంబూర్‌మూళి పద్ధతి, కేరళ వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ల దగ్గర మొదలైంది, అలప్పుళ పట్టణంలో బాగా వాడారు. మంచి ఎంపిక. తిరగేసే పని లేదు, కరెంటు లేదు. నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టిలో అడుగున ఎండుటాకులు, పేడనీళ్లు, ఆరంగుళాల తడి చెత్త, మళ్లీ ఆకులు, ఇలా పొరలు. మూడో రోజుకు లోపల 55 డిగ్రీలు దాటాలి. ఇనపకడ్డీ గుచ్చి పది నిమిషాలాగి తీస్తే చెయ్యి పట్టుకోలేనంత వేడి ఉండాలి. వేడెక్కలేదంటే తడి ఎక్కువైంది, ఆకులు తక్కువయ్యాయి. కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే గాలి ఆడటం లేదని, మూత్రం లాంటి ఘాటు వస్తే ఎండుటాకులు చాలలేదని గుర్తు. రెండిటికీ మందు ఎండుటాకులే.

అలా పొరలుగా వేస్తే తొట్టిలో 1,400 కిలోలు పడుతుంది, వేస్తుంటేనే కుంగుతుంది కాబట్టి. నీకు రోజుకు 350, అంటే నాలుగు రోజులకు ఒక తొట్టి నిండుతుంది. నిండిన తొట్టిని ముట్టుకోకుండా 60 రోజులు వదలాలి. 25 రోజులకు బయటికి తీస్తే పైన టెర్రస్_తోట గారి వంగ మొక్కలకు జరిగిందే జరుగుతుంది. నాలుగు నింపడానికి, అరవై మాగడానికి, మొత్తం 64 రోజులు. 64ని 4తో భాగించు. పదహారు తొట్లు కావాలి, ఆరు కాదు. ఆరు తొట్లతో మొదలుపెడితే 25వ రోజున కొత్త చెత్త ఎక్కడ పోయాలో తెలియక నేల మీద కుప్ప పోస్తారు, ఆ వారంలోనే పక్కింటివాళ్లు కంప్లయింట్ ఇస్తారు. నేను చూసిన యూనిట్లలో మూతపడ్డవి చాలావరకు ఇలాగే మూతపడ్డాయి.

ఇంకో మాట, ష్రెడర్ కొనకు. అన్నం, కూరలు, పండ్ల తొక్కలు ముక్కలు చేస్తే ముద్దవుతుంది, ముద్దలో గాలి దూరదు. కొబ్బరి మట్టలు, పెద్ద కాడలు కత్తితో నరికితే చాలు.

కాటా_కొట్టు

పొడి చెత్త గురించి నేను చెప్తా. మాది కూకట్‌పల్లిలో పాత సామాన్ల కొట్టు, మా నాన్న దగ్గర్నుంచి.

కిలో సగటు ₹12 రాదు. ఎందుకంటే రేటున్న సరుకు నీ దాకా రాదు. పేపర్లు ఇంట్లో మడిచి పెట్టుకుని నెలకోసారి వాళ్లే అమ్ముకుంటారు. అట్టపెట్టెలు వాచ్‌మన్ తీసుకుంటాడు, అది వాళ్లింటి ఖర్చుకు. ఇనుము, అల్యూమినియం గిన్నెలు మా కొట్టుకే డైరెక్ట్. నీ ఆటోలో పడేది పాల కవర్లు, నీళ్ల సీసాలు, డెలివరీ డబ్బాలు, షాంపూ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, గాజు, తెగిన చెప్పులు. పాల కవర్ కడిగి ఆరబెడితే రేటు, పాలు కారుతూ ఇస్తే సగం రేటు. నల్ల డెలివరీ డబ్బాలు ఎవరూ తీసుకోరు. చిప్స్ ప్యాకెట్లకు రేటే లేదు, సిమెంట్ ఫ్యాక్టరీకి మండించడానికి పోతాయి, అదీ లోడు అయితేనే, బండి కిరాయి నీదే.

నూరు కిలోలు వస్తే యాభై అయిదు అమ్ముడవుతుంది, అమ్ముడైన దాని మీద కలిపి చూస్తే కిలో ₹8 వస్తుంది. రేట్లు నెల నెల మారతాయి, నూనె ధర పడితే ప్లాస్టిక్ పడిపోతుంది.

ఇంకోటి. మీ రోడ్డుకు చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో అన్న వస్తాడు కదా. ఆయన ఇంటికి ఇంత అని నెలకు తీసుకుంటాడు, పైన ఆ పొడి సామాను ఆయనదే. ఆయన పొట్ట మీద కొట్టి నువ్వు నడపలేవు. ముందు ఆయనతో కూర్చో.

గుంటూరు_గోంగూర

కాటా అన్న చెప్పింది నూరుపాళ్లు కరెక్టు. మా వీధిలో ఒక ఎన్‌జీవో వాళ్లు వచ్చి పొడి చెత్త మాకివ్వండి అన్నారు, చెత్త బండి అతను వాళ్లతో రోజూ గొడవే.

బాచుపల్లి_కుర్రాడు

కాటా అన్నా, మా ఆటో అన్నకు 600 ఫ్లాట్లలో నెలకు ఎంత వస్తుందో నాకు తెలీదు. ఆయన్నే నా దగ్గర పనికి పెట్టుకుని, ఆయన ఆటోనే నెల కిరాయికి తీసుకుంటే? అప్పుడు నాకు ఆటో కొనే పని కూడా ఉండదు.

మాస్టారూ, మీరు చెప్పినవన్నీ వేస్తే కంపోస్ట్, స్క్రాప్ రెండూ కలిపినా జీతాలకే రావట్లేదు. మరి ఇది నడిచే వ్యాపారమేనా?

బెంగళూరు_బాబాయ్

నడుస్తుంది బాబూ, కానీ నీది ఎరువు వ్యాపారం కాదు, సర్వీస్ వ్యాపారం. బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ లాంటి పెద్ద వాటి చెత్తను కార్పొరేషన్ బండి తీసుకోదు, ప్రైవేటు వెండర్‌కి ఫ్లాట్‌కి ఇంతని నెలనెలా అసోసియేషనే కడుతుంది, మెయింటెనెన్స్ బిల్లులో ఒక లైను. వెండర్ ఎరువు అమ్ముకున్నాడా లేదా మాకు పట్టదు. పుణెలో స్వచ్ఛ్ అనే చెత్త ఏరేవాళ్ల సహకార సంఘం కూడా ఇంటింటి యూజర్ ఫీజు మీదే నిలబడింది, పొడి సామాను అమ్మిన డబ్బు వాళ్లకు అదనం.

గుంటూరు గారి భయం విడి ఇళ్ల విషయంలో నిజమే. అపార్ట్‌మెంట్ అయితే 600 మందిని అడగనక్కర్లేదు, ఆరుగురు సెక్రటరీలను అడిగితే చాలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోటును బల్క్ జనరేటర్ అన్నారు, తడి చెత్త వీలైనంత వరకు తమ ఆవరణలోనే చూసుకోవాలని చెప్పారు. వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్ దాదాపు ఆ గీత దగ్గరే ఉంటుంది. ఇప్పటి నిబంధన ఏముందో చూసుకుని, అది చూపించి అడుగు.

ఎరువు_మాస్టారు

బాబాయ్ గారు నేను రాయబోయేదాన్ని సగం రాసేశారు. సరే, నెల లెక్క వేద్దాం. 600 ఫ్లాట్లూ వచ్చాయనుకుని, అన్నీ సర్దుకున్నాక ఒక మామూలు నెల. మీ వైపు రేట్లు కాస్త అటూ ఇటూ ఉంటాయి, నీ కొటేషన్లు వచ్చాక మార్చుకో.

ముందు ఖర్చు. నలుగురు మనుషులు, ఇద్దరు బండి మీద, ఇద్దరు యార్డులో, తలా ₹13,000, సెలవు రోజుల్లో బదులు మనిషికి ఇంకో ₹4,000, మొత్తం ₹56,000. ఆటో ఛార్జింగ్, రిపేర్లు ₹7,000. స్థలం అద్దె ₹15,000. ఎండుటాకులు, పేడ, కొబ్బరి పొట్టు ₹6,000. కరెంటు, నీళ్లు ₹3,500. గ్లౌజులు, సంచులు, పనికిరాని చెత్త తరలించే కిరాయి ₹5,500. నీ జీతం ₹20,000, దీన్ని వదిలేయకు. మొత్తం ₹1,13,000.

ఇప్పుడు రాబడి. 1,900 కిలోల ఎరువులో 400 కిలోలు అపార్ట్‌మెంట్ల తోటలకే ఉచితంగా తిరిగి ఇవ్వాలి, వాళ్లు ఒప్పుకునేది అందుకే. 300 కిలోలు చిన్న సంచుల్లో ₹20 చొప్పున ₹6,000. మిగతా 1,200 కిలోలు నర్సరీలకు, తోటల వాళ్లకు గుత్తగా ₹6 చొప్పున ₹7,200. అంతకంటే రాదు, ఎందుకంటే రైతు దీన్ని ట్రాక్టరు పశువుల పెంటతో పోల్చి చూస్తాడు. ఎరువు మీద మొత్తం ₹13,200. పొడి చెత్త ఫ్లాట్‌కి రోజుకు 200 గ్రాములు అనుకుంటే నెలకు 3,600 కిలోలు, కాటా గారి లెక్కన సుమారు 2,000 కిలోలు అమ్ముడవుతుంది, ₹8 చొప్పున ₹16,000. రెండూ కలిపి ₹29,200.

₹1,13,000 ఖర్చుకు ₹29,200 రాబడి. నెలకు ₹83,800 లోటు. దాన్ని 600 ఫ్లాట్లకు పంచితే ఫ్లాట్‌కి ₹140. ఇది పెట్టుబడి తిరిగి రాకుండా, నష్టం లేకుండా నడవడానికి. నీకు నాలుగు డబ్బులు మిగలాలంటే ₹180 అడగాలి. అప్పుడు ఫీజు ₹1,08,000, అమ్మకాలు ₹29,200, కలిపి ₹1,37,200. మిగులు ₹24,200.

పెట్టుబడి: పదహారు తొట్లు ₹11,000 చొప్పున ₹1,76,000, రెండు వేల చదరపు అడుగుల రేకుల షెడ్డు ₹3,00,000, తిరిగే జల్లెడ ₹35,000, కాటా ₹8,000, డబ్బాలు, పనిముట్లు ₹25,000, కరెంటు లైను, కాలువ ₹40,000, పాత ఎలక్ట్రిక్ ఆటో ₹2,20,000. మొత్తం ₹8,04,000. నెలకు ₹24,200 చొప్పున 33 నెలలు. మొదటి రెండు మూడు నెలలు ఎరువు అమ్మకం సున్నా, ఫ్లాట్లు కూడా ఒకేసారి రావు. కాబట్టి మూడేళ్లు అనుకో.

మెషీన్_మస్తాన్

మాస్టారూ, 600 కాకుండా 400 ఫ్లాట్లే వస్తే?

ఎరువు_మాస్టారు

మంచి ప్రశ్న. 400కి ఒక మనిషి తగ్గుతాడు, ఆకులవీ ఖర్చు కాస్త తగ్గుతుంది, కానీ అద్దె, ఆటో, నీ జీతం అలాగే ఉంటాయి. ఖర్చు ₹97,000. ఫీజు ₹72,000, అమ్మకాలు ₹19,500, నెలకు ₹5,500 నష్టం. ఒక్కో ఫ్లాట్ ఫీజుగా ₹180, అమ్మకంగా ₹49 తెస్తుంది. ముగ్గురితో నడిపితే 425 ఫ్లాట్ల దగ్గర లాభనష్టాలు సమానం. నాలుగో మనిషిని పెట్టావంటే ఆ గీత 495కి పోతుంది. అందుకని 500 దాటేదాకా నాలుగో మనిషిని పెట్టకు. ఇంకా ఒకటి గమనించు, కంపోస్ట్ రేటు రెట్టింపైనా నీకు నెలకు ₹13,200 పెరుగుతుంది అంతే. అదే ఒక్క వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మానేస్తే దాదాపు ₹23,000 పోతుంది, నీ మిగులంతా అదే. నీ సమయం ఎరువు బ్రాండింగ్ మీద కాదు, ఆ సెక్రటరీల మీద పెట్టు.

లోన్_డెస్క్

బ్యాంకులో చిన్న వ్యాపారాల లోన్లు చూస్తాను. పైన లెక్క నా టేబుల్ మీదికి వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, స్థలం లీజు ఎన్నాళ్లు? మన దగ్గర అందరూ 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. షెడ్డు, తొట్లు కలిపి ₹4.76 లక్షలు నేలకి కట్టేస్తున్నారు, తిరిగి రావడానికి మూడేళ్లు. పన్నెండో నెలలో ఓనరు ఖాళీ చేయమంటే ఆ డబ్బు పోయినట్టే. రిజిస్టర్ చేసిన కనీసం నాలుగేళ్ల లీజు లేకుండా పని మొదలుపెట్టకండి.

రెండోది అసోసియేషన్లతో రాతపూర్వక ఒప్పందం. కమిటీ ఏడాదికో రెండేళ్లకో మారుతుంది, కొత్త సెక్రటరీ వచ్చి ఇంత ఎందుకు కడుతున్నాం అంటాడు. మూడు నెలల నోటీసు, నెల మొదట్లో చెల్లింపు అని రాయించుకోండి. మొదటి మూడు నెలల ఖర్చుకు ₹2.5 లక్షలు పెట్టుబడికి విడిగా చేతిలో ఉండాలి, చాలామంది దీన్ని లెక్కలో వేయరు.

ఎరువుకి సబ్సిడీ వస్తుందని కూడా ప్లాన్‌లో రాయకండి. 2016లో సిటీ కంపోస్ట్‌కి టన్నుకు ₹1,500 మార్కెట్ సాయం అన్నారు, అది ఎరువుల కంపెనీల ద్వారా పోయే పద్ధతి, మీలాంటి చిన్న యూనిట్ దాకా వచ్చేది కాదు.

టెర్రస్_తోట

మాస్టారు గారూ థాంక్స్ అండీ, వేపపిండి వేస్తాను. అయితే సంచి మీద నత్రజని ఇంత శాతం అని రాసి అమ్మితే మాలాంటి వాళ్లం నమ్మి కొంటాం కదా, అలా రాయొచ్చు కదా బాచుపల్లి అన్న?

ఎరువు_మాస్టారు

శాతాలు వేసి ఎరువుగా అమ్మితే 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వస్తుందమ్మా. సిటీ కంపోస్ట్‌కి అందులో ప్రమాణాలున్నాయి, తేమ, కర్బన నత్రజనుల నిష్పత్తి, సీసం లాంటి భారలోహాలు, అన్నీ ల్యాబ్‌లో తేలాలి. రిజిస్ట్రేషన్ సంగతి మండల వ్యవసాయాధికారిని అడిగి తేల్చుకోవాలి.

కాటా_కొట్టు

శాతాలు రాయకుండా మొక్కల మట్టి మిశ్రమం అని అమ్ముతారు చాలామంది.

లోన్_డెస్క్

చాలామంది అమ్ముతారు కాబట్టి సరైనదని అనుకోవద్దు. అడిగి రాతలో తెచ్చుకోండి.

గుంటూరు_గోంగూర

డైపర్ల మాటేంటి? ఎవరూ మాట్లాడలేదు. మా అపార్ట్‌మెంట్‌లో తడి డబ్బాలోనే పడేస్తారు. వేరుచేసే ఆడవాళ్లు ఉత్త చేతులతో తీస్తుంటే చూడలేం.

ఎరువు_మాస్టారు

డైపర్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి, అవి నువ్వు తీసుకోకు, కార్పొరేషన్ బండికే పోవాలి. ఇది ఒప్పందంలో రాయి. కలిపి ఇచ్చిన డబ్బాను మొదటిసారి ఫొటో తీసి సెక్రటరీకి పంపు, రెండోసారి అక్కడే వదిలెయ్. మొదటి నెల ఈ విషయంలో మెత్తబడితే తర్వాత నీ యార్డులో ఇద్దరు మనుషులు రోజంతా ఏరడానికే సరిపోతారు, తొట్టి దగ్గర ఎవరూ ఉండరు. ఏరేవాళ్లకు మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు, ధనుర్వాతం ఇంజక్షన్ ఇప్పించు, గాజు పెంకులు, బ్లేడ్లు రోజూ వస్తాయి.

ఇంకొకటి, ఎండుటాకులు. రోజుకు 80 కిలోల పైనే కావాలి. మాఘం నుంచి చైత్రం దాకా ఆకు రాలుతుంది, అప్పుడే సంచుల్లో నింపి షెడ్డులో పెట్టుకో. ఆషాఢంలో వెతికితే తడిసిన ఆకులే దొరుకుతాయి, వాటితో ఉపయోగం లేదు. చాలకపోతే సామిల్లు పొట్టు తెచ్చుకో, రంపపు పొట్టు మాత్రం రంగు వేసిన ప్లైవుడ్‌ది కాకుండా చూసుకో.

బాచుపల్లి_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ రాసుకుని ఈ వారం కొన్ని పనులు చేశాను.

స్వచ్ఛ ఆటో అన్నతో మాట్లాడాను. ముందు నమ్మలేదు. పొడి సామాను అమ్మిన డబ్బులో సగం, నెల జీతం ఇస్తానంటే ఆలోచిస్తానన్నాడు. అంటే పొడి చెత్త మీద నాకు ₹16,000 బదులు ₹8,000 వస్తుంది, నా మిగులు ₹16,200కి పడిపోతుంది. కానీ ఆయన ఆటోనే వస్తే పెట్టుబడిలో ₹2.2 లక్షలు తగ్గి ₹5.84 లక్షలే అవుతుంది. భాగిస్తే 36 నెలలు వస్తోంది, ఆయన బండికి కిరాయి కూడా ఇస్తే ఇంకా పెరుగుతుంది. పెద్ద తేడా లేదు, గొడవ ఉండదు, ఇదే మంచిదనిపిస్తోంది.

ఇద్దరు సెక్రటరీలు ₹180 ఎక్కువన్నారు, ₹150కి ఒకరు సరే అన్నారు. నలుగురు ఇంకా కలవలేదు. ₹150 అయితే నెలకు ₹18,000 తగ్గుతుంది, ఆటో అన్న వాటా తీశాక మిగలకపోగా ₹1,800 లోటు. కాబట్టి ₹150కి ఒప్పుకోలేను, లేదా నా జీతం తగ్గించుకోవాలి.

బెంగళూరు_బాబాయ్

₹150కి దిగకు. ₹180లో వాళ్ల తోటకు ఎరువు ఉచితం, నెలకోసారి లెక్క కాగితం, పండగల తర్వాత అదనపు ట్రిప్పు కలిపి చెప్పు. వాళ్లు తోటమాలికి ఎరువు కోసం ఇప్పుడు ఎంత కడుతున్నారో కనుక్కో, అది తీసేసి చూపించు.

ఎరువు_మాస్టారు

ఆ సరే అన్న ఒక్క అపార్ట్‌మెంట్‌తో ముందు రెండు వారాలు ఊరికే తూకం వెయ్యి బాబూ. రోజూ తడి ఎంత, పొడి ఎంత, కలిపి ఇచ్చింది ఎంత, మూడు అంకెలు. తొట్టి కట్టకు, ఏమీ కొనకు, ఇప్పుడొచ్చే బండికే ఇచ్చెయ్. ఫ్లాట్‌కి తడి చెత్త 450 గ్రాముల లోపే వచ్చిందనుకో, తొట్లు 13 చాలు, షెడ్డు చిన్నదవుతుంది, లెక్కంతా మారుతుంది. 800 వస్తే ఇరవై తొట్లు దాటతాయి, అప్పుడు ఆ స్థలమే చాలదు. స్థలం లీజు ఆ తూకం తర్వాతే.

బాచుపల్లి_కుర్రాడు

సోమవారం నుంచి తూకం మొదలు. స్థలం ఓనరు నాలుగేళ్ల లీజుకి ఒప్పుకుంటాడో లేదో ఇంకా తేలలేదు, ఆయన కొడుకు అమెరికా నుంచి చెప్పాలట. లోన్_డెస్క్ గారూ, ఓనరు 11 నెలలకే అంటే, తొట్లు ఇటుకలతో కాకుండా విప్పి తీసుకెళ్లేలా ఇనుప మెష్‌తో చేయిస్తే లోన్ విషయంలో తేడా ఉంటుందా?

లోన్_డెస్క్

ఉంటుంది. కదిలే సామాను కాబట్టి హైపోథికేషన్ చేయొచ్చు, అంటే సామాను మీ దగ్గరే ఉంటుంది, తనఖా బ్యాంకు పేరు మీద ఉంటుంది. మెష్ తొట్టి కొటేషన్ రెండు చోట్ల తీసుకుని ఇక్కడ పెట్టండి, ఇటుక తొట్టితో పోల్చి చూద్దాం.

ఎరువు_మాస్టారు

మెష్ అయితే వానాకాలం పక్కల నుంచి జల్లు కొడుతుంది, ఎండాకాలం అంచులు ఎండిపోతాయి. లోపల వెదురు చాప గానీ షేడ్ నెట్ గానీ వేయాలి. ఆ ఖర్చు కూడా కొటేషన్‌లో కలుపు.